అప్‌డేట్: అమ్మ గాజులు పట్టకపోవడానికి కారణం తెలిసింది (గుంటూరు)

నా ప్రశ్న: "అమ్మకి 48 ఏళ్లు. 2.4 గాజులు ఇప్పుడు 2.8 అయితేగానీ పట్టట్లేదు, చెప్పుల సైజూ పెరిగింది. ఎత్తు మాత్రం పెరగలేదు. ఇది గ్రోత్ హార్మోన్ సమస్యేనా?"

అవునండీ, అక్రోమెగలీ, అంటే పెద్దవాళ్లలో గ్రోత్ హార్మోన్ ఎక్కువై వచ్చే జబ్బు. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేయించమన్నవారికి చేతులెత్తి దండం. అది చాలా ఎక్కువగా వచ్చింది. మేం ముందు చేయించిన మామూలు గ్రోత్ హార్మోన్ టెస్టుతో ఏమీ తేలలేదు. అది గంటగంటకీ మారుతుందట. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలు రక్తం తీశారు. అప్పుడు గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరుకి 1 నానోగ్రాము లోపుకి దిగాలి, దిగలేదు. ఎంఆర్ఐలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ కనిపించింది.

ఎత్తు గురించి డాక్టరుగారు చెప్పింది: పిల్లల్లో ఎముకల చివర పెరిగే భాగం ఇంకా మూసుకోదు, అందుకే పొడవు పెరుగుతారు, అది జైగాంటిజం. పెద్దవాళ్లలో అది మూసుకుపోతుంది కాబట్టి చేతులు, పాదాలు, దవడే పెరుగుతాయి. ఎత్తు పెరగలేదు కదా అనుకుని మేం ఏడాది పోగొట్టుకున్నాం.

ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. వాపు తగ్గి వేళ్లు సన్నబడ్డాయి, గురక తగ్గింది. పెరిగిన దవడ ఎముక మాత్రం అలాగే ఉంటుందట. పన్నెండు వారాలకి ఐజీఎఫ్-1 మళ్లీ చేస్తే నార్మల్. నిన్న 2.6 గాజులు పట్టాయి.