“బావా! యెప్పుడు వచ్చితీవు” – ఈ బావ వరస ఎటు నుంచి?

కర్నూలు: మా వీధిలో వచ్చే నెల పాండవోద్యోగం పడకసీను వేస్తున్నారు. మనవళ్లు చూసి అర్థం చేసుకోవాలని ఒక పెద్ద అట్ట మీద కౌరవ, పాండవ, యాదవుల చుట్టరికాలన్నీ గీతలు గీసి రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను. “బావా! యెప్పుడు వచ్చితీవు? సుఖులే భ్రాతల్, సుతుల్, చుట్టముల్” అని కృష్ణుడు అడిగేది అర్జునుణ్ణి కదా? మరి తర్వాతి పాదంలో “కర్ణుడును” అని వస్తుంది. అర్జునుణ్ణి కర్ణుడి క్షేమం అడగడమేమిటి? ఆ రెండో పాదం మొదలు కూడా సరిగా గుర్తు లేదు. ఎవరైనా చెప్పగలరా?

తాడిపత్రి: అడిగేది దుర్యోధనుణ్ణి. రెండో పాదం “నీ వాల్లభ్యము పట్టు కర్ణుడును, మన్నీలున్, సుఖోపేతులే”. నీ ప్రీతికి పాత్రుడైన కర్ణుడు, సామంతరాజులు బాగున్నారా అని. అర్జునుడికి వేరే పద్యముంది, “ఎక్కడనుండి రాక” అని. బళ్లారి రాఘవ పుట్టిన ఊరివాళ్లం, పడకసీను దగ్గర మాకు తడబాటు రాదు.

కర్నూలు: సంతోషం. కానీ నా చిక్కు ఇప్పుడు పెద్దదైంది. అర్జునుడైతే మేనత్త కొడుకు, గీత తేలిక. దుర్యోధనుడు కృష్ణుడికి బావ ఎలా అయ్యాడు?

ప్రొద్దుటూరు: వియ్యంకుడు కనుక. బలరాముడి కూతురు శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలనుకున్నారు. మా వైపు వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అనే పిలుచుకుంటారు.

తాడిపత్రి: అమ్మా, ఆ పెళ్లి జరగలేదు. పైగా శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు. జనం నోట, నాటకాల్లో పెరిగిన కథ. దాని మీద గీత గీస్తే అట్ట మొత్తం తప్పుతుంది.

రాజంపేట: ప్రొద్దుటూరు వారు చెప్పిన దారి సరైనదే, ఇల్లు మాత్రం తప్పారు. దుర్యోధనుడికి లక్ష్మణ అనే కూతురుంది. స్వయంవరంలో ఆమెను ఎత్తుకుపోయినవాడు కృష్ణుడికి జాంబవతి వల్ల పుట్టిన సాంబుడు. కౌరవులు అతణ్ణి పట్టి బంధిస్తే బలరాముడు వచ్చి, నాగలితో హస్తినాపురాన్నే గంగలోకి లాగబోయాడు. అప్పుడు దిగివచ్చి పిల్లనిచ్చి పంపారు. భాగవతం దశమస్కంధంలో ఉంది. కొడుకు లక్ష్మణకుమారుడు, కూతురు లక్ష్మణ. పేర్లు కలిసిపోవడం వల్లే ఈ గందరగోళమంతా. కాబట్టి కృష్ణుడు, దుర్యోధనుడు నిజంగానే వియ్యంకులు. ఆ ఘట్టాన్ని మా ఒంటిమిట్ట పోతన తెలుగులో చదువుతుంటే నాగలి మొన నేలలో దిగిన చప్పుడు వినిపిస్తుంది.

తాడిపత్రి: పోతన బమ్మెరవాడు. ఈ మాట ఇదివరకు ఎన్నోసార్లు అనుకున్నాం.

రాజంపేట: బమ్మెరలో పుట్టాడనే అనండి. కోదండరాముడి గుడిలో నిలబడి ఆ పద్యాలు చదువుకుంటూ పెరిగిన మాకు ఆయన మావాడే.

అనంతపురం: పోతన ఊరు తర్వాత చూద్దాం. మీరందరూ చుట్టరికం వెతుకుతున్నారు, కవులు వెతికింది ప్రాస. బావా, నీ వాల్లభ్యము, మీ వంశోన్నతి, దేవుల్. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘వ’. యతి చూడండి, ‘బా’కు ‘భ్రాతల్’ లో ‘భ్రా’ కలిసింది. ‘వచ్చితివి’ అనకుండా ‘వచ్చితీవు’ అన్నది కూడా శార్దూలంలో అక్కడ జగణం పడాలి కనుకనే. ఛందస్సు తెచ్చిన మాటకు వరస వెతకనక్కరలేదు.

తాడిపత్రి: ఇది నేను ఒప్పుకోను. తిరుపతి వేంకట కవులు అవధానాల్లో ఆశువుగా పద్యాలు చెప్పినవారు. ప్రాస కోసం లేని వరస తెచ్చేంత అవసరం వారికి లేదు. ‘బావా’ అని మొదలుపెట్టాలనుకున్నారు, దాని వల్ల ‘వ’ ప్రాస అయింది.

ఆదోని: మా ఇంటి సంగతి చెబుతాను. మా మేనత్త భర్తకు అన్నగారి కొడుకు ఉన్నాడు. రక్తం లెక్కన మాకేమీ కాడు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలిచాను. పొలం గట్టు దగ్గర తగవు వచ్చి రెండేళ్లు మాటల్లేవు. మళ్లీ ఒక పెళ్లిలో ఎదురుపడితే నోట్లోంచి వచ్చిన మొదటి మాట బావా అనే. మీ ప్రశ్నకు ఇది జవాబు కాదేమో.

తాడిపత్రి: ఇదే జవాబు. కుంతి వసుదేవుడి చెల్లెలు, కృష్ణుడికి మేనత్త. ఆమె భర్త పాండురాజు, అతని అన్న ధృతరాష్ట్రుడు, ఆయన కొడుకు దుర్యోధనుడు. ఆదోని వారి బావ సరిగ్గా ఈ వరసే. సాంబుడి దాకా వెళ్లనక్కరలేదు. బావ అయినంత మాత్రాన మిత్రుడు కావాలనీ లేదు. శిశుపాలుడు కృష్ణుడికి సొంత మేనత్త శ్రుతశ్రవ కొడుకు, అతని గతి తెలిసిందే.

అనంతపురం: అలాగైతే అర్జునుణ్ణి కూడా బావా అనాలి కదా? అతను మేనత్త కొడుకే కాక, సుభద్ర భర్త కూడా. “ఎక్కడనుండి రాక” పద్యం చివర “తెల్పుమర్జునా” అని పేరు పెట్టి పిలిచాడు. దగ్గరివాడికి పేరు, దూరపువాడికి వరసా?

తాడిపత్రి: వయసు చూడండి. ఆదిపర్వం ప్రకారం భీముడు, దుర్యోధనుడు ఒకే రోజు పుట్టారు. భారతంలో కృష్ణుడు ధర్మరాజుకూ భీముడికీ నమస్కరిస్తాడు, అర్జునుణ్ణి కౌగిలించుకుంటాడు, కవలలు అతనికి నమస్కరిస్తారు. అంటే భీముడు కృష్ణుడి కంటే పెద్ద, కాబట్టి దుర్యోధనుడూ పెద్దే. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు కనుక బావా అన్నాడు. అర్జునుడితో ఆ ఇబ్బంది లేదు.

ప్రొద్దుటూరు: మరి రాయబారంలో “రాజరాజ” అంటాడే? అప్పుడు వయసు మారిందా?

తాడిపత్రి: అది నిండు సభ. వచ్చింది దూతగా.

రాజంపేట: లేదా అప్పటికి చుట్టరికం మీద ఆశ పోయింది.

కర్నూలు: దుర్యోధనుడికి రెండు గీతలు గీశాను, కుంతి వైపు నుంచి ఒకటి, సాంబుడి వైపు నుంచి ఒకటి. కానీ గీస్తుంటే కర్ణుడి దగ్గర చెయ్యి ఆగింది. కర్ణుడు కుంతి కొడుకు, అందరికంటే పెద్దవాడు. అంటే ఆ పద్యంలో ఉన్నవాళ్లందరిలో కృష్ణుడికి రక్తసంబంధంతో బావ అయ్యేవాడు కర్ణుడొక్కడే. ఆ సంగతి కృష్ణుడికి తెలుసు. తర్వాత రాయబారం ముగించుకుని వెళ్లేటప్పుడు కర్ణుడికి చెప్పేదీ తనే. అలాంటిది ఇక్కడ “భ్రాతల్, సుతుల్, చుట్టముల్” అని మొదటి పాదంలో బంధువుల లెక్క పూర్తిచేసి, కర్ణుణ్ణి రెండో పాదంలో మన్నీల పక్కన పెట్టాడు. కవులు కావాలనే చేశారా?

అనంతపురం: అంగరాజు కనుక మన్నీల పక్కన ఉన్నాడు. అంతే.

తాడిపత్రి: ‘వాల్లభ్యము’ అన్న మాట మళ్లీ చూడండి. చుట్టరికం కాని దగ్గరితనానికి వాడే మాట అది. దుర్యోధనుడు వినే అర్థం ఒకటి, కృష్ణుడి మనసులో ఉన్నది ఇంకొకటి.

అనంతపురం: వాల్లభ్యమంటే ప్రభుత్వం అనే అర్థం కూడా ఉంది. నీ అధికారానికి అండ పట్టినవాడు అనుకుంటే ఎలా ఉంటుంది?

తాడిపత్రి: “పట్టు” అన్న క్రియకు అది అతకదు.

అనంతపురం: ఎందుకు అతకదు? “వంశోన్నతి గోరు”, “మేల్గోరు” అని వరసగా రాజుకు ఉపకరించేవాళ్లనే అడుగుతున్నాడు.

ఆదోని: కర్ణుడికి గీత ఏ రంగులో వేశారు?

కర్నూలు: పెన్సిలుతో వేసి ఉంచాను. కృష్ణుడు వేసే అతను రేపు సాధనకు వస్తున్నాడు. “కర్ణుడును” దగ్గర రాగం ఎక్కడ ఆపుతాడో విని చెబుతాను.