జాకీ పంపు ఆగడం లేదు, డీజిల్ టెస్టులో స్పీడ్ పడిపోతోంది: దయచేసి ఎవరైనా చెప్పండి

రాజేష్ (సైట్ ఇంజినీర్, హైదరాబాద్)
నమస్తే. పొద్దున్నుంచి పంప్‌రూమ్‌లోనే ఉన్నాను, బుర్ర పనిచేయడం లేదు. రెసిడెన్షియల్ టవర్ ఫైర్ పంపుల సమస్య, టవర్ 57 మీటర్ల ఎత్తు. మెయిన్ ఎలక్ట్రిక్ పంపు, డీజిల్ పంపు రెండూ నిమిషానికి 2280 లీటర్లు, అంటే 2280 ఎల్‌పిఎం, 110 మీటర్ల హెడ్. లైన్‌లో ప్రెషర్ పట్టి ఉంచే చిన్న జాకీ పంపు 180 ఎల్‌పిఎం. జాకీ స్టార్ట్ అయితే ఆగడం లేదు. లైన్‌లో లీకేజీ ఉందని పంపు సప్లయర్ అంటున్నాడు. ప్లంబర్లు అన్ని ఫ్లోర్లూ తిరిగి వచ్చారు, చుక్క నీరు కూడా కారడం లేదట. దానికి తోడు డీజిల్ పంపు ఫుల్ ఫ్లో టెస్టులో ఆయాసపడుతోంది. ఎల్లుండి ఫైర్ ఇన్‌స్పెక్షన్. టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.

మూర్తి
జాకీ ఆగే ప్రెషర్, అదే కటాఫ్, తగ్గించండి. అంతే.

సుజాత (అపార్ట్‌మెంట్ అసోసియేషన్)
మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే గొడవ. మా జాకీ పది నిమిషాలకోసారి ఆన్ అయ్యేది. చివరికి కాంపౌండ్‌లో భూమిలోపలి పైపు తుప్పు పట్టి కారుతోందని తేలింది. తవ్వించి చూడండి.

రాజేష్
అమ్మా, మీది ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. మాది అసలు ఆగడమే లేదు.

వెంకటరమణ
తవ్వకండి, ముందు ఒక పని చేయండి. జాకీ డెలివరీ వాల్వ్ పూర్తిగా మూసి, పంపును చేత్తో ఆన్ చేసి, గేజ్ ఎంత దగ్గర నిలబడిందో చూడండి. అర నిమిషం చాలు, ఎక్కువసేపు మూసి నడపకండి. అలాగే జాకీ కటాఫ్ ఎంత పెట్టారు, ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చారు, జాకీ హెడ్ ఎంత? మెయిన్ పంపు షటాఫ్, అంటే నీళ్లు పారకుండా మూసి నడిపినప్పటి హెడ్, ఎంతో టెస్ట్ షీట్‌లో ఉంటుంది. ఇవేవీ మీరు రాయలేదు.

రాజేష్
ఇవి మామూలేగా అనుకుని రాయలేదు సర్. జాకీ కూడా 110 మీటర్లే, మెయిన్‌కి సరిపోయేలా తీసుకున్నాం. మెయిన్ షటాఫ్ షీట్‌లో 130 మీటర్లు. కటాఫ్ 12.8 కేజీ, ఆ షీట్ చూసే పెట్టాను. వాల్వ్ మూసి చూశాను. గేజ్ 11.6 దగ్గర ఆగిపోయింది, ఒక్క గీత కూడా పైకి పోవడం లేదు.

వెంకటరమణ
దొరికింది. మీ జాకీ ఎంత కష్టపడినా 11.6 దాటదు. మీరు 12.8 కి ఆగమన్నారు. ఆ ప్రెషర్ ఎప్పటికీ రాదు కాబట్టి ఆ స్విచ్ ఎప్పటికీ తెగదు. లీకేజీ లేదు, మీ ప్లంబర్లు నిజమే చెప్పారు.

తప్పు సెలక్షన్‌లో జరిగింది. జాకీ హెడ్‌ను మెయిన్ పంపు రేటెడ్ హెడ్‌తో కాదు, మెయిన్ పంపు షటాఫ్‌తో పోల్చి చూడాలి. మెయిన్ రేటెడ్ 110 ఎందుకొచ్చింది? పంప్‌రూమ్ నుంచి టెర్రస్ దాకా ఎత్తు, పైన చివరి హైడ్రెంట్ దగ్గర 3.5 కేజీ, పైపుల్లో ఫ్రిక్షన్, ఈ మూడూ కలిపితే వచ్చింది. అది నీళ్లు పారుతున్నప్పటి లెక్క. జాకీ పని వేరు, నీళ్లు పారనప్పుడు లైన్‌ని నిండుగా పట్టి ఉంచాలి. మెయిన్ షటాఫ్ 130 మీటర్లు, అంటే ప్రెషర్‌లో 13 కేజీ అయితే జాకీ అక్కడికి వెళ్లి, ఇంకా కాస్త ఫ్లో ఇవ్వగలగాలి. మీకు 135 మీటర్ల దగ్గర రేట్ చేసిన జాకీ కావాలి. అప్పుడు జాకీ 13 కి ఆగుతుంది, 12.3 కి మొదలవుతుంది, మెయిన్ 11.9 కి, డీజిల్ 11.2 కి స్టార్ట్ అవుతాయి.

మూర్తి
నేను చెప్పిందీ అదే కదా. కటాఫ్ 11.2 కి తగ్గిస్తే ఆగిపోతుంది. కొత్త పంపు ఎందుకు, ఖర్చు దండగ.

వెంకటరమణ
ఆగుతుంది, నిజమే. కటాఫ్ 11.2, జాకీ స్టార్ట్ 10.5, మెయిన్ 10.1, డీజిల్ 9.4 అని పెట్టుకుంటే ఎల్లుండికి గండం గడుస్తుంది. కానీ లైన్ పది కేజీల దగ్గర ఉండగా మెయిన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ ఒక్కసారిగా 13 కి ఎగబాకుతుంది. ప్రతి వారం ఆటో టెస్ట్ చేసినప్పుడు రైజర్‌లో ఆ దెబ్బ వినిపిస్తుంది. పైపులను కలిపే గ్రూవ్డ్ కప్లింగ్‌లు, నీళ్లను వెనక్కి రానివ్వని ఎన్‌ఆర్‌వి వాల్వ్‌ల ఫ్లాప్‌లు ముందు పోయేది అక్కడే. తాత్కాలికంగా సరే, శాశ్వతంగా వదిలేయొద్దు.

ఫణి (దుబాయ్)
షటాఫ్ రేటెడ్ హెడ్‌లో 140 శాతం దాకా ఉండొచ్చు కదా, అమెరికా ఫైర్ పంపుల కోడ్ ఎన్‌ఎఫ్‌పిఏ 20 అదే చెబుతుంది. 110 కి 140 శాతం అంటే 15.4 కేజీ. జాకీ దాని ప్రకారం తీసుకోండి.

వెంకటరమణ
140 ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండొచ్చో చెప్పే హద్దు ఫణి గారూ, ఉండి తీరాల్సిన అంకె కాదు. మన దగ్గర హారిజాంటల్ పంపుకి 120 శాతమే. ఈయన పంపు 130 మీటర్లు అని షీట్‌లో కనిపిస్తుంటే 15.4 లెక్క దేనికి? అసలు పంపు కర్వ్ చూసి తీసుకోవాలి, కోడ్ హద్దు చూసి కాదు.

ఫణి (దుబాయ్)
నేను కోడ్ మాట చెప్పాను. ఇండియాలో ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం పట్టుకుంటారు, అదే ఇబ్బంది.

మూర్తి
డీజిల్ సంగతి మర్చిపోయారు అందరూ. టెస్ట్ లైన్ రిటర్న్ ట్యాంక్‌లో సక్షన్ పక్కనే పడుతోందా? గాలి బుడగలు పంపులోకి వెళ్తాయి. అదే కారణం, రాసి ఇస్తాను.

రాజేష్
రిటర్న్ ట్యాంక్ అవతలి మూలన ఉంది సర్. ఫ్లో మీటర్ 4000 దాకా చూపిస్తుంది. ఇదే టెస్ట్ లైన్‌లో ఎలక్ట్రిక్ పంపు 3420 ఎల్‌పిఎం ఇస్తూ 7.3 కేజీ నిలబెట్టింది. డీజిల్ 2280 దగ్గర బాగానే ఉంది. వాల్వ్ ఇంకా తెరిస్తే స్పీడ్ 2900 నుంచి 2780 కి పడిపోతోంది, పొగ నల్లగా వస్తోంది.

వెంకటరమణ
ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉండాల్సింది. ఒకే లైన్, ఒకే మీటర్, ఎలక్ట్రిక్ పాసైంది. టెస్ట్ లైన్ మీద అనుమానం వద్దు. నల్ల పొగతో పాటు స్పీడ్ పడుతోందంటే ఇంజిన్‌కి శక్తి చాలడం లేదు. ఇంజిన్ ప్లేట్ మీద ఎన్ని కిలోవాట్లు?

రాజేష్
60. పంపు డ్యూటీ పాయింట్ దగ్గర 55 కావాలని డేటా షీట్‌లో ఉంది, అందుకే 60 తీసుకున్నారు.

వెంకటరమణ
డ్యూటీ పాయింట్ చూసి ఇంజిన్ కొంటే ఇలాగే అవుతుంది. 150 శాతం ఫ్లో, అంటే 3420 దగ్గర హెడ్ తగ్గినా ఎఫిషియెన్సీ కూడా పడిపోతుంది, పవర్ 61 దాకా పోతుంది. అటు ప్లేట్ మీద 60 మన దగ్గర 60 కాదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఎత్తుకి నాలుగున్నర శాతం, వేసవిలో 45 డిగ్రీలుండే బేస్‌మెంట్ పంప్‌రూమ్ వేడికి మూడున్నర శాతం తగ్గించుకోవాలి. చేతికి వచ్చేది 55. డ్యూటీ దగ్గర బొటాబొటిగా లాగుతుంది, 150 దగ్గర చేతులెత్తేస్తుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ పైపు సైజు చూడండి. ఎగ్జాస్ట్ ఇరుకైనా ఇదే లక్షణం. అవి బాగుంటే ఇంజిన్ మార్చాల్సిందే.

మూర్తి
ఇన్‌స్పెక్షన్‌లో 150 దాకా నడిపించి చూసేవాళ్లు ఎంతమంది?

సుజాత (అపార్ట్‌మెంట్ అసోసియేషన్)
చూడకపోతే మాత్రం ఆ ఇంట్లో ఉండేది మేమే కదండీ.

రాజేష్
ఎగ్జాస్ట్ 4 అంగుళాలది, బయటి దాకా 20 మీటర్లు పోతుంది, మధ్యలో ఐదు బెండ్‌లున్నాయి. ఇప్పుడే విప్పిస్తున్నాను. జాకీ 11.2 కి పెట్టాను, ఆగింది. థాంక్స్ సర్.

వెంకటరమణ
ఐదు బెండ్‌లా! ఎగ్జాస్ట్ విప్పి ఇంజిన్‌ని మళ్లీ 3420 దాకా నడిపి, స్పీడ్ ఎంత నిలబడిందో ఇక్కడ రాయండి.