స్పాట్ పడింది, నాణెం రేటు మాత్రం పడలేదు, మధ్యలో డబ్బు ఎటు పోయింది?

మొదటిసారి కొంటున్నా: అందరికీ నమస్తే. రెండు వారాల క్రితం ఒక ఔన్సు బంగారు నాణెం అడిగితే స్పాట్, అంటే ప్రపంచ మార్కెట్‌లో ఔన్సు బంగారానికి అప్పుడు నడుస్తున్న రేటు, 1600, నాణెం 1664 డాలర్లు అన్నారు (అసలు అంకెలు వేరు, లెక్క సులువుగా ఉండాలని గుండ్రం చేసి రాస్తున్నా). తగ్గాక కొందాంలే అని ఆగాను. ఇప్పుడు జనమంతా ఎగబడి కొంటున్నారు, స్పాట్ చూస్తే 1500కి దిగింది. సంతోషపడి ఫోన్ చేస్తే నాణెం 1650 అంటున్నారు, అది కూడా డెలివరీకి నెల పడుతుందట. బంగారం 100 తగ్గితే నాకు తగ్గింది 14 మాత్రమే. ఇది మోసం కాదా? మిగతా 86 ఎవరి జేబులోకి వెళ్ళాయి?

కాగితం వద్దు: మోసమే కానీ మీరనుకునే చోట కాదు బ్రదర్. ఆ 1500 అనేది కాగితం రేటు, ఫ్యూచర్స్‌లో, అంటే ముందు తేదీకి ఇస్తామని రాసుకునే కాంట్రాక్టుల్లో, తమ దగ్గర లేని బంగారాన్ని అమ్మి రేటుని కిందికి తొక్కుతారు. చేతికి వచ్చే బంగారం అసలు రేటు 1650. స్క్రీన్ మీద రేటు చూడటం మానేయండి.

గల్లాపెట్టె వెనక: నేను చాలా ఏళ్ళు నాణేలు, బిస్కెట్లు అమ్మే కౌంటర్‌లో పనిచేశాను, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదవండి.

పైన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. స్పాట్ రేటు మీరు కొనే నాణెం రేటు కాదు, అది మాత్రం కరెక్ట్. లండన్‌లో పెద్దవాళ్ళ మధ్య చేతులు మారే కడ్డీ ఒక్కోటి సుమారు 400 ఔన్సులు, అంటే పన్నెండున్నర కిలోల దాకా ఉంటుంది, స్పాట్ అంటే అలాంటి కడ్డీల రేటు. భయం పుట్టినప్పుడు ఫండ్లవాళ్ళకి వేరే చోట వచ్చిన నష్టాలకి అర్జెంటుగా నగదు కావాలి, ఏది త్వరగా అమ్ముడుపోతే అది అమ్ముతారు, బంగారం త్వరగా అమ్ముడుపోతుంది కాబట్టి స్పాట్ పడుతుంది. సరిగ్గా అదే రోజుల్లో మామూలు జనం భయపడి ఒక్కో ఔన్సు నాణెం కోసం పరిగెడతారు. అమ్మేవాళ్ళు అమ్మేది పెద్ద కడ్డీ, కొనేవాళ్ళకి కావలసింది చిన్న నాణెం. 2020 మార్చిలో జరిగింది ఇదే, 1,680 దగ్గరున్న స్పాట్ పది రోజుల్లో 1,500 కిందికి పోయింది, అప్పుడే నాణేలు దొరకలేదు.

కడ్డీ నాణెం అవ్వాలంటే ఏం జరగాలో చూడండి. ముందు కరిగించాలి. 99.5 శాతం శుద్ధి ఉన్న కడ్డీ నుంచి 99.99 శాతం సరుకు చెయ్యాలంటే మళ్ళీ శుద్ధి చెయ్యాలి. తర్వాత పట్టీలుగా సాగదీసి, గుండ్రటి బిళ్ళలు కొట్టి, వాటిని కాల్చి మెత్తబరిచి, కడిగి, తూకం చూసి, అప్పుడు ముద్ర వెయ్యాలి. బిళ్ళలు కొట్టగా మిగిలిన జల్లెడ లాంటి పట్టీ మళ్ళీ కొలిమికే పోతుంది. ఈ మిషన్లు రోజుకి ఇన్నే చేస్తాయి. గిరాకీ నాలుగింతలైతే రాత్రికి రాత్రి నాలుగింతలు చెయ్యలేవు, మూడు నెలల్లో చల్లారిపోయే గిరాకీ కోసం ఎవరూ కొత్త మిషన్ కొనరు కూడా. అంటే ప్రపంచంలో బంగారానికి కొరత లేదు, నాణెం ఆకారంలో ఉన్న బంగారానికే కొరత. మీ 86 డాలర్లు ఆ క్యూలో ముందు నిలబడ్డందుకు కట్టే రేటు అనుకోండి.

కాగితం వద్దు: మరి 2020లో న్యూయార్క్ ఫ్యూచర్స్‌కీ లండన్‌కీ ఒకరోజు 70 డాలర్ల తేడా వచ్చిందిగా? అది కూడా మిషన్ల వల్లేనా?

గల్లాపెట్టె వెనక: మంచి ప్రశ్న వేశారు, నా మాటకి అదే ఆధారం. స్విట్జర్లాండ్‌లో టిచీనో అనే చిన్న ప్రాంతంలో మూడు పెద్ద రిఫైనరీలు ఉన్నాయి, లాక్‌డౌన్‌తో అవి మార్చి ఆఖర్లో మూతపడ్డాయి. న్యూయార్క్ కాంట్రాక్టుకి 100 ఔన్సుల కడ్డీ ఒకటో, కిలో కడ్డీలు మూడో ఇవ్వాలి. లండన్ ఖజానాల్లో బంగారం ఉంది కానీ అన్నీ 400 ఔన్సులవి, వాటిని కరిగించి మార్చేవాళ్ళే మూసేశారు, ప్యాసింజర్ విమానాల్లో పోయే సరుకు కూడా ఆగిపోయింది. అందుకే తేడా వచ్చింది. మీరన్నట్టు ‘అసలు’ రేటు ఎక్కడో పైన ఉంటే లండన్‌లో ఆ పెద్ద కడ్డీలు కూడా ఆ రేటుకే అమ్ముడుపోవాలి కదా, పోలేదు.

శుద్ధి ముఖ్యం: స్పాట్ మీద అదనంగా తీసుకునే ప్రీమియం ఎక్కువంటే 24 క్యారెట్ కాబట్టి అయి ఉంటుంది. 22 క్యారెట్ అమెరికన్ ఈగల్ నాణెం తీసుకోండి, చవగ్గా వస్తుంది.

గల్లాపెట్టె వెనక: లేదండీ, ఇక్కడ సంగతి శుద్ధి గురించి కాదు. ఒక ఔన్సు ఈగల్‌లో కూడా మేలిమి బంగారం పూర్తిగా ఒక ఔన్సు ఉంటుంది, గట్టిదనం కోసం కలిపిన రాగి, వెండి బరువు దానికి అదనం, అందుకే నాణెం దాదాపు 33.9 గ్రాములు తూగుతుంది. అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి భయం వేళల్లో దాని ప్రీమియమే ముందు ఎగురుతుంది.

ఏడు వారాలు ఆగాను: నా అనుభవం చెప్తాను. 2020లో 11 శాతం ప్రీమియంకి బుక్ చేసి డబ్బు మొత్తం ముందే కట్టేశా. సరుకు వచ్చింది ఏడు వారాలకి. ఆ లోపు పక్క డీలర్ దగ్గర అదే నాణెం 6 శాతానికి వచ్చేసింది, క్యాన్సిల్ చేస్తానంటే కుదరదన్నారు. స్టాక్ చేతిలో లేనివాళ్ళకి ముందు డబ్బు కట్టకండి, దయచేసి.

మొదటిసారి కొంటున్నా: అర్థమైంది సార్, కానీ ఒక డౌట్. డీలర్ దగ్గర పాత స్టాక్ ఉందిగా, 4 శాతానికి కొన్నదాన్ని నాకు 10 శాతానికి అమ్మడం న్యాయమేనా?

గల్లాపెట్టె వెనక: అమ్మిన సాయంత్రమే ఆ ఖాళీ నింపుకోవాలి. హోల్‌సేలర్ 8 శాతం అడిగితే పాత ప్రీమియంకి అమ్మినవాడి షాపు వారంలో ఖాళీ అయిపోతుంది. అలాగని అందరూ నిజాయితీపరులని నేననను, సందు చూసి బాదేవాళ్ళూ ఉన్నారు. కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొనే రేటు అడిగిన నోటితోనే ‘ఇదే నాణెం నేను తెస్తే ఎంతకి తీసుకుంటారు’ అని అడగండి. కొరత నిజమైతే ఆయనకీ సరుకు కావాలి కాబట్టి బైబ్యాక్ కూడా స్పాట్ మీదికి ఎక్కుతుంది. అమ్మే రేటు పెంచి, తీసుకునే రేటు స్పాట్ కిందే ఉంచాడంటే ఆ పెంపు చాలావరకు ఆయన జేబుకే.

ఇంకొకటి, 1650కి కొని గొడవ చల్లారాక స్పాట్ మీద 1 శాతానికి అమ్మారనుకోండి. స్పాట్ అప్పటికీ 1500 ఉంటే మీకొచ్చేది 1515, అంటే 135 పోయింది. అసలు తిరిగి రావాలంటే స్పాట్ 1634 దాకా, సుమారు 9 శాతం పెరగాలి. మామూలు రోజుల్లో 4 శాతానికి కొనుంటే నష్టం 45తో ఆగేది. నేనైతే ఆగుతాను.

ఏడు వారాలు ఆగాను: ఇక్కడ మాత్రం ఒప్పుకోను సార్. ఆ ఏడాది ఆగస్టులో స్పాట్ 2,000 దాటింది. 11 శాతం కట్టి తిట్టుకున్న నేనే లాభంలో ఉన్నా, ప్రీమియం దిగాక కొందామని కూర్చున్న మా అన్నయ్య స్పాట్ పెరిగాక ఇంకా ఎక్కువ పెట్టి కొన్నాడు.

గల్లాపెట్టె వెనక: నిజమే మేడం, కాదనను. ప్రీమియం చల్లారుతుందని చెప్పగలను, స్పాట్ అప్పటికి ఎక్కడుంటుందో చెప్పలేను. మీకు కలిసొచ్చింది స్పాట్ వల్ల, ప్రీమియం వల్ల కాదు.

మొదటిసారి కొంటున్నా: ఇద్దరికి ఫోన్ చేశా. ఇద్దరూ అమ్మేది 1650కే. మొదటాయన నేను తెస్తే 1560కి తీసుకుంటా అన్నాడు, రెండో ఆయన 1485. మొదటాయన దగ్గర రెండే ఉన్నాయట, సాయంత్రం దాకా ఆపుతా అన్నాడు. కిలో కడ్డీ ప్రీమియం కూడా అడిగా, దాంట్లో పెద్ద మార్పు లేదట, కానీ అంత డబ్బు నా దగ్గర లేదు. ఒకటి తీసుకుని రెండోది మూడు నెలలు ఆగి చూద్దామనుకుంటున్నా.