నాలుగేళ్లలో వచ్చే కంపెనీ షేర్లను జీతంలో ఎంతగా లెక్కపెట్టాలి?

శ్రావణి, హైదరాబాద్

నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకచోట ఏడాదికి 48 లక్షలు, అంతా జీతమే. రెండోది అమెరికన్ కంపెనీ. జీతం 36 లక్షలు, దానికి తోడు నాలుగేళ్లలో 80 లక్షల విలువైన ఆర్‌ఎస్‌యూలు, అంటే ఉద్యోగంలో ఉన్నంతకాలం విడతలుగా ఇచ్చే కంపెనీ షేర్లు. వాటిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, తరువాతి రెండేళ్లూ 40 చొప్పున చేతికొస్తాయి. హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని ఏడాదికి 56 లక్షలు అంటున్నారు. మా నాన్నగారు మాత్రం 36 లక్షలే నిజం, మిగతాది లాటరీ అంటున్నారు. ఎవరి లెక్క నమ్మాలి?

సుధీర్

ఇద్దరిదీ నమ్మకండి. 80ని నాలుగుతో భాగించి 20 కలపడం హెచ్‌ఆర్ వాళ్ల పాత అలవాటు. మొదటి ఏడాది మీకు వచ్చే షేర్ల విలువ 4 లక్షలు. అంటే మొత్తం 40, వదులుకునే ఉద్యోగం కంటే 8 తక్కువ. పైగా నాలుగేళ్ల తరువాతి రూపాయి ఈరోజు రూపాయి కాదు. ఏడాదికి 8 శాతం చొప్పున తగ్గిస్తే ఆ 80 లక్షలు దాదాపు 63కు దిగుతాయి.

నరేశ్

శ్రావణి గారూ, మీ నాన్నగారి మాట వినండి. మా స్టార్టప్‌లో నాకూ ఇలాగే ఇచ్చారు. వాటిని కొనుక్కోవాల్సిన ధర కంటే కంపెనీ విలువే కిందికి పోయింది. ఆ కాగితాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

లక్ష్మణరావు

నరేశ్ గారూ, మీకిచ్చినవి ఆప్షన్లు, అంటే నిర్ణీత ధర కట్టి షేర్లు కొనుక్కునే హక్కు. ఆర్‌ఎస్‌యూకు మనం కట్టవలసిన ధర ఉండదు. షేరు 100 నుంచి 60కి పడితే చేతికి 60 వస్తుంది. సున్నా కావాలంటే కంపెనీయే మునగాలి. అందులోనూ శ్రావణి గారిది మార్కెట్లో అమ్ముకోగల షేరు.

సుధీర్ గారూ, ఏడాదివారీగా విడదీయడం సరైన పని. 8 శాతం కోతతో మాత్రం ఏకీభవించను. నాలుగేళ్ల తరువాత 32 లక్షల నగదు ఇస్తామని మాటిచ్చి ఉంటే ఆ కోత న్యాయం. ఇక్కడ మాటిచ్చింది షేర్లు. ఆఫర్‌లో డబ్బు లెక్కన చెప్పినా, ఒక నిర్ణీత తేదీ ధర ప్రకారం దాన్ని షేర్ల సంఖ్యగా మార్చేస్తారు. ఆ తరువాత మారనిది సంఖ్య ఒక్కటే. నాలుగేళ్ల తరువాత ఒక షేరు ఇవ్వాలంటే కంపెనీ ఈరోజే ఒకటి కొని పక్కన పెడితే చాలు. కాబట్టి దాని నేటి విలువ నేటి ధరే. మధ్యలో మనకు అందని డివిడెండ్ల మేరకు మాత్రం తగ్గించాలి. అమెరికన్ అకౌంటింగ్ నిబంధనల్లోనూ ఈ ఖర్చును ఇలాగే రాస్తారు. ఇదే కారణంతో ‘షేరు ఏటా 15 శాతం పెరుగుతుంది’ అని కలుపుకునేవాళ్లదీ తప్పే.

కోత పెట్టవలసిన చోటు వేరే ఉంది. మీరు అక్కడ ఎంతకాలం ఉంటారు? జీతంలో మీరు వదులుకునేది ఏడాదికి 12 లక్షలు. రెండేళ్లకే బయటికొస్తే 24 వదులుకుని 16 లక్షల షేర్లు తీసుకున్నట్టు. మూడేళ్లుంటే 36 వదులుకుని 48 తీసుకున్నట్టు. మూడో ఏడాది సగానికి అటూ ఇటూగా లెక్క తిరగబడుతుంది. రెండేళ్లకు మించి ఏ కంపెనీలోనూ నిలవని అలవాటు ఉంటే 56 అన్న మాటే మరిచిపోండి.

కిరణ్, సియాటెల్

ఉండాలా వద్దా అన్నది మన చేతుల్లోనే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. నన్ను తీసేసినప్పుడు తరువాతి విడత షేర్లు రావడానికి నెల కూడా లేదు. ఒక్క షేరూ ఇవ్వలేదు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 60 రోజులు. షేర్ల గురించి పోట్లాడే తీరిక ఎక్కడిది?

మాధవి

కిరణ్ గారిది బాధాకరమే. కానీ మరో వైపూ చూడండి. షేరు బాగా పెరిగితే ఉండిపోతాం, పడిపోతే ఆ రోజు ధరకు కొత్త షేర్లిచ్చే ఇంకో కంపెనీకి మారతాం. నష్టాన్ని మధ్యలో వదిలించుకునే వీలు ఉద్యోగికే ఉంది. ఆ వీలుకూ విలువ కట్టాలి కదా? నా దృష్టిలో ఆ 80 లక్షలు 80 కంటే ఎక్కువే.

లక్ష్మణరావు

మంచి వాదన మాధవి గారూ, సగం ఒప్పుకుంటాను. ఒక్క కంపెనీ దెబ్బతింటే మీరన్నట్టే జరుగుతుంది. రంగమంతా పడితే? 2022లో అమెజాన్ షేరు ఏడాదిలో దాదాపు సగానికి పడింది. మెటా అంతకన్నా ఎక్కువ పడింది. ఆ నవంబరులో షేరు అట్టడుగున ఉన్న రోజుల్లోనే మెటా 11,000 మందికి పైగా తీసేసింది. మారదామనుకున్నవాళ్లకు తలుపులు మూసుకున్నది అప్పుడే. ఉద్యోగం, పొదుపు రెండూ ఒకే కంపెనీకి కట్టేసి ఉంటే రెండూ ఒకేసారి పడతాయి. అందుకే నేను చేతికి రాని షేర్ల నుంచి మరో 10, 15 శాతం తీసేస్తాను. దానికి సూత్రమేమీ లేదు. ఇంటి అప్పు ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ తీసేయాలి.

మాధవి

వచ్చిన రోజే అమ్మేసేవాళ్లకు ఆ కోత ఎందుకు?

లక్ష్మణరావు

వచ్చిన రోజు అమ్మగలరు. రాకముందు అమ్మలేరు కదా, ప్రమాదమంతా ఆ నాలుగేళ్లలోనే. ఇంకో చిన్న సంగతి. షేర్లు చేతికొచ్చిన రోజు విలువ జీతంలాగే పన్నుకు వస్తుంది, కాబట్టి 48తో పోల్చడంలో తప్పులేదు. కానీ మూడో ఏడాది 36కు 32 కలిస్తే ఆదాయం 68 లక్షలు. 50 దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది. 2025-26 కొత్త విధానం స్లాబుల ప్రకారం అది లక్షన్నర పైమాటే. 48 లక్షల ఉద్యోగంలో, కనీసం ఇప్పటి జీతానికి, ఆ బెడద లేదు.

శ్రావణి, హైదరాబాద్

హెచ్‌ఆర్‌ను అడిగితే ఇంకో విషయం బయటపడింది. చేరినందుకు నగదు బోనస్ మొదటి ఏడాది 8 లక్షలు, రెండో ఏడాది 6 లక్షలు ఉందట. మధ్యలో వెళ్లిపోతే మిగిలిన నెలల మేరకు తిరిగి కట్టాలి.

లక్ష్మణరావు

ఇది ముందే చెప్పవలసింది! షేర్లు చివరికి నెట్టిన కంపెనీలు మొదటి రెండేళ్లూ ఇలాగే పూడుస్తాయి. ఇప్పుడు మీ వరుస 48, 54, 68, 68. నేటి ధర ప్రకారం ఏ ఏడూ 48కి తగ్గదు. షేరు వెంటనే సగానికి పడి అక్కడే ఉండిపోయినా 46, 48, 52, 52. నాలుగేళ్లుంటే షేరు సగటున 57.5 శాతం పడితేగాని మొదటి ఉద్యోగంతో సమానం కాదు. నా ఓటు దీనికే. బోనస్ తిరిగి కట్టే షరతు పన్ను పోగా చేతికొచ్చిన మొత్తానికా, పూర్తి మొత్తానికా అన్నది రాతలో తీసుకోండి.

సుధీర్

8 శాతం కోత మాట వెనక్కి తీసుకుంటాను. కానీ మీ వరుసలో జీతాల పెంపు ఎక్కడుంది? ఏటా 10 శాతం పెంచితే 48 మీద మొదటి పెంపే 4.8 లక్షలు, 36 మీద 3.6. ఈ తేడా ఏటా పేరుకుంటుంది. పెంపు, పీఎఫ్, గ్రాట్యుటీ ఏవీ షేర్ల మీద లెక్కకట్టరు. అయిదో ఏడాది కొత్త షేర్లు ఇవ్వకపోతే 68 నుంచి మళ్లీ కింద పడతారు.

లక్ష్మణరావు

ఏటా కొత్త షేర్లిస్తే ఆ పడిపోవడం ఉండదు. ఇస్తారో లేదో ఆఫర్ లెటర్లో ఎవరూ రాయరు. దాన్ని నేను సున్నాగానే వేస్తాను.

మాధవి

సున్నా మరీ అన్యాయం. నాకు ప్రతి ఏడూ వచ్చాయి.

కిరణ్, సియాటెల్

నాకూ వచ్చాయండి, తీసేసే ముందు ఏడాది దాకా.