భార్యాభర్తలవి వేర్వేరు దేశాల పాస్‌పోర్టులు: టికెట్లు ఒకే పీఎన్ఆర్‌లోనా, విడివిడిగానా?

ప్రశ్న (మల్లెతీగ): మా ఆయనది అమెరికా పాస్‌పోర్టు, నాది ఇండియన్. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, దాని అనుమతి పత్రం ఐ-797 వచ్చే ఏడాది చివరిదాకా ఉంది. డాలస్ నుంచి లండన్ మీదుగా రోమ్ వెళ్లి, పారిస్ నుంచి మళ్లీ లండన్ మీదుగా తిరిగి రావాలని ప్లాన్. రోమ్‌లో 6 రాత్రులు, పారిస్‌లో 4. షెంజెన్ వీసాకి ఇంకా అప్లై చేయలేదు. టికెట్లు ఇద్దరికీ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోవాలా, విడివిడిగానా?

కృష్ణఒడ్డు: ఒకే పీఎన్ఆర్ తీసుకోండి. డాలస్ ఫ్లైట్ ఆలస్యమై లండన్‌లో కనెక్షన్ పోతే ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లని ఒకే ఫ్లైట్‌లో సర్దడానికి చూస్తారు. విడిగా ఉంటే మీరు సాయంత్రం ఫ్లైట్‌లో, ఆయన మర్నాడు పొద్దున ఫ్లైట్‌లో పడొచ్చు. రెండు బుకింగులనీ లింక్ చేయమని అడిగితే ఎయిర్‌లైన్ వాళ్లు నోట్ రాస్తారు గానీ, రద్దీ రోజున ఆ నోట్ ఎవరు చూస్తారు?

తూర్పుగాలి: నేను ఒప్పుకోను. ఆవిడ వీసా ఇంకా రాలేదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒకే పీఎన్ఆర్‌లో ఉండి వీసా రాకపోతే, వెబ్‌సైట్‌లో క్యాన్సిల్ నొక్కినప్పుడు చాలాసార్లు ఇద్దరివీ పోతాయి. ఆవిడ ఒక్కరిదే తీయాలంటే ఫోన్ చేసి ముందు పీఎన్ఆర్‌ని విడదీయమనాలి. కొత్త నంబర్ వచ్చాక దాన్ని మాత్రమే రద్దు చేయాలి. ఈ వరుస తప్పితే ఆయన టికెట్ కూడా పోతుంది.

ధర సంగతి కూడా చూసుకోండి. చవక ఫేర్‌లో ఒక్క సీటే మిగిలి ఉంటే, ఇద్దరికని వెతికినప్పుడు ఇద్దరికీ పై ఫేరే చూపిస్తుంది. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి తలా ఎంత పడుతోందో పోల్చండి.

గోరింటాకు: వీసాకి అంత భయమెందుకండీ? మావారిది జర్మన్ పాస్‌పోర్టు. పోయినేడు మేం స్పెయిన్ వెళ్లినప్పుడు నా వీసాకి ఫీజు లేదు, ఇన్సూరెన్స్ అడగలేదు, పెళ్లి సర్టిఫికెట్ చాలింది. భర్తది మంచి పాస్‌పోర్టయితే భార్యకి సులువే.

వలసపిట్ట: గోరింటాకు గారూ, మీకు అలా జరగడానికి కారణం మీ ఆయన యూరోపియన్ యూనియన్ పౌరుడు కావడం. ఆ పౌరుడు తన సొంత దేశం కాక వేరే సభ్యదేశానికి వెళ్తూ, జీవిత భాగస్వామి వెంట ఉంటే ఆ వెసులుబాటు వర్తిస్తుంది. అమెరికా పౌరుడి భార్యకి అదేం లేదు. మల్లెతీగ గారు మామూలు దరఖాస్తే పెట్టుకోవాలి: ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్, వేలిముద్రలు. ఎక్కువ రాత్రులు రోమ్‌లో కాబట్టి దరఖాస్తు ఇటలీకి వెళ్లాలి. పారిస్ అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని ఫ్రాన్స్‌కి పెడితే, ఇది మా పరిధి కాదని వెనక్కి పంపొచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఫైల్‌లో సందేహం వస్తే 45 దాకా లాగుతారు.

పీఎన్ఆర్ గొడవ కన్నా ముందు ఒక మాట అడగాలి. ఐ-797 గురించి చెప్పారు, పాస్‌పోర్టులో హెచ్1బీ స్టాంపింగ్, అంటే అసలు వీసా, ఎప్పటిదాకా ఉంది?

మల్లెతీగ: స్టాంపింగ్ మార్చిలోనే అయిపోయిందండీ. ఎక్స్‌టెన్షన్ ఇక్కడే అయింది కదా, పర్వాలేదనుకున్నా.

కృష్ణఒడ్డు: లండన్‌లో బయటికి రారు కాబట్టి ఇబ్బంది లేదు. అమెరికా వీసా ఉన్న ఇండియన్స్‌కి అక్కడ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు.

వలసపిట్ట: సగమే సరైంది. ఆ మినహాయింపు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాకి, గ్రీన్‌కార్డుకి. గడువు తీరిన స్టాంపుకి ఐ-797 జత చేస్తే అది వీసా కాదు. విమానాశ్రయం లోపలే ఫ్లైట్ మారినా ఆవిడకి బ్రిటన్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా కావాలి. అది లేకపోతే డాలస్ కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, దారి, వీసా వివరాలు సిస్టమ్‌లో కొట్టి, ఎయిర్‌లైన్లు వాడే వీసా నిబంధనల డేటాబేస్ టిమాటిక్ ఏం చెబితే అదే చేస్తారు. పత్రాలు లేని మనిషిని ఎక్కిస్తే జరిమానా ఎయిర్‌లైన్‌కి పడుతుంది, అందుకని అక్కడ వాదించి లాభం ఉండదు.

ఆయనకి హీత్రోలో లోపలే మారితే ఈటీఏ అనే బ్రిటన్ ప్రయాణ అనుమతి కూడా అక్కర్లేదు. అదే రెండు ముక్కల టికెట్లు కొని, లండన్‌లో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే, ఇద్దరూ బ్రిటన్ సరిహద్దు దాటాలి. అప్పుడు ఆయనకి ఈటీఏ, ఆవిడకి వేరే వీసా. పీఎన్ఆర్ ఒకటైనా రెండైనా, ప్రతి మనిషికీ డాలస్ నుంచి రోమ్ దాకా ఒకే టికెట్ ఉండటం అందుకే ముఖ్యం.

లండన్ తప్పించి నేరుగా రోమ్ వెళ్లినా అసలు ముడి విడిపోదు. తిరుగు ప్రయాణంలో ఆవిడని అమెరికా ఫ్లైట్ ఎక్కించరు. గడువు తీరిన స్టాంపుతో తిరిగి రానిచ్చే వెసులుబాటు కెనడా, మెక్సికోలకి, అదీ 30 రోజుల లోపు ప్రయాణానికే. రోమ్‌లో స్టాంపింగ్ చేయించుకుందామంటే, 2025 సెప్టెంబరు నుంచి పౌరసత్వం ఉన్న దేశంలోనో, నివసించే దేశంలోనో అప్లై చేయమంటున్నారు. అంటే ఇండియాకి వెళ్లక తప్పదు.

తూర్పుగాలి: అయితే పీఎన్ఆర్ ప్రశ్న తేలిపోయినట్టే. ఆయన డాలస్ నుంచి డాలస్, ఆవిడ హైదరాబాద్ వెళ్లి రావాలి. రెండూ వేర్వేరు ప్రయాణాలు, వేర్వేరు బుకింగులు.

నా లెక్కలో ముందు హైదరాబాద్, తర్వాత రోమ్. ఆవిడ షెంజెన్ వీసా ఇక్కడే వేయించుకుని ఇండియా వెళ్లి, స్టాంపింగ్ చేయించుకుని, అటునుంచి రోమ్ రావాలి. ఆయన డాలస్ నుంచి వచ్చి కలుస్తారు. చేతిలో కొత్త స్టాంపు ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు లండన్ ట్రాన్సిట్ సమస్య కూడా పోతుంది. పారిస్-లండన్-డాలస్ ఇద్దరికీ ఒకే పీఎన్ఆర్‌లో కొనుక్కోవచ్చు.

వలసపిట్ట: దారి బాగుంది, తేదీలే నమ్మలేం. 2025 డిసెంబరులో ఇండియాలో హెచ్1బీ అపాయింట్‌మెంట్లు చాలా మందికి నెలల తరబడి వెనక్కి జరిగాయి. స్టాంపింగ్ కోసం పాస్‌పోర్టు కాన్సులేట్‌లో ఉండిపోతే రోమ్ టికెట్లు, హోటళ్లు అన్నీ ఎగిరిపోతాయి. షెంజెన్ వీసాకి ప్రయాణ తేదీల మీద మామూలుగా 15 రోజులు అదనంగా ఇస్తారు, అంతకు మించి ఆగదు.

అందుకే నేనైతే యూరప్ ముందు పెడతాను. డాలస్-రోమ్ నాన్‌స్టాప్‌లో గానీ, లండన్ కలవని దారిలో గానీ ఇద్దరూ కలిసి వెళ్లండి. పారిస్ అయ్యాక ఆయన డాలస్‌కి, మీరు హైదరాబాద్‌కి. మీ పారిస్-హైదరాబాద్ టికెట్‌ని గల్ఫ్ మీదుగా ఒకే టికెట్‌గా తీసుకోండి. హైదరాబాద్-డాలస్ టికెట్ మాత్రం స్టాంపు పడ్డాకే కొనండి. అయితే దీనికీ ఒక చిక్కుంది: ఇటలీ కాన్సులేట్ మీరు అమెరికాకి తిరిగి వెళ్లగలరా అని చూస్తుంది. స్టాంపు లేదు కాబట్టి ఐ-797, అమెరికాలో ఉండే గడువు చూపే ఐ-94, ఉద్యోగం లెటర్, ఇండియా టికెట్ రిజర్వేషన్ అన్నీ పెట్టి, స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తున్నట్టు కవరింగ్ లెటర్‌లో రాయండి. దాచిపెడితే అనుమానం వస్తుంది.

తూర్పుగాలి: ఆ ఒక్క చిక్కుకే నేను ఇండియా ముందు అంటున్నా. గడువు తీరిన స్టాంపుతో పెట్టిన షెంజెన్ ఫైల్ వెనక్కి వస్తే?

వలసపిట్ట: మీ దారిలోనూ షెంజెన్ ఫైల్ ఇక్కడే, అదే స్టాంపుతోనే పెట్టాలి కదండీ. ఆ ఇబ్బంది రెండు దారుల్లోనూ ఉంది.

తూర్పుగాలి: అది నిజమే. అయినా స్టాంపింగ్ ఆగిపోతే ఆవిడ ఉద్యోగం కూడా ఆగుతుంది. ఆ ఆదుర్దా మెడ మీద పెట్టుకుని రోమ్ తిరగడం కన్నా, అది ముందు తేల్చుకోవడమే నయమని నా పట్టు.

మల్లెతీగ: షెంజెన్ వీసా చేతికి వచ్చేదాకా ఏ టికెట్టూ కొనను, రిజర్వేషన్ మాత్రమే పెడతాను. హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు ఏ నెలకి దొరుకుతున్నాయో రేపు చూసి, ఆ తేదీని బట్టి ఏది ముందో ఇక్కడే రాస్తాను.