తక్‌పట్టీ పట్టికలు: టెసెరాక్ట్‌తోనే నడపాలా, క్లౌడ్‌కు వెళ్లాలా?

ప్రశ్న (వరంగల్): ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి మిల్లుకు లెక్కలు చూస్తాను. ఇద్దరు అడ్తిదారులు రోజూ పత్తి కొన్న లెక్క రాసే తక్‌పట్టీలను ముప్పై పేజీల దాకా స్కాన్ చేసి పంపుతారు. రైతు కోడ్ నంబరు, పేరు, బస్తాలు, క్వింటాళ్లు, ధర, మొత్తం అందులో ఉంటాయి. స్కాన్‌లోని అక్షరాలు చదివే టెసెరాక్ట్ ప్రోగ్రామ్ అంకెలు బాగానే చదువుతోంది. కానీ బస్తాల గడి ఖాళీగా ఉంటే ఆ వరుసంతా ఎడమకు జరిగి, ధర వచ్చి క్వింటాళ్లలో కూర్చుంటోంది. రోజూ టెన్షన్. క్లౌడ్ సేవ తీసుకోనా?

కాజీపేట నుంచి: 300 డీపీఐలో స్కాన్ చేయించు తమ్మీ, అన్నీ సర్దుకుంటయ్.

హన్మకొండ నుంచి: స్కాన్ మెరుగైతే అంకె బాగా చదువుతుంది, అంతవరకు అన్న మాట నిజమే. వరుస జరగడం మాత్రం దానివల్ల ఆగదు. టెసెరాక్ట్ మాటలు చదువుతుందే తప్ప, ఖాళీ గడి ఉందని దానికి తెలియదు. మామూలు టెక్స్ట్ కాకుండా ఇలా తీయండి:

```
tesseract p1.png p1 -l tel+eng --psm 6 tsv
```

ఇందులో ప్రతి మాటకూ `left` అని ఎడమ నుంచి దూరం వస్తుంది. పై వరుసలో ‘ధర’ అన్న మాట ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి కొలిచి అంకెలను గడుల్లో వేయండి. కాగితం రోజూ కొంచెం జరిగినా ఇబ్బంది ఉండదు. వంకరగా ఉంటే మాత్రం ముందు సరిచేయాలి.

నర్సంపేట నుంచి: మా సంఘంలో చేతిరాత ఖాతా పుస్తకాలున్నయ్. ఇట్లనే చేయొచ్చా?

హన్మకొండ నుంచి: వద్దండి, టెసెరాక్ట్ అచ్చు అక్షరాలకే. మీది వేరే పని.

ప్రశ్న (వరంగల్): `left`తో వరుసలు కుదిరాయి, థ్యాంక్స్ అన్నా. ఒకచోట 12.40 క్వింటాళ్లు 1240గా వచ్చింది.

హన్మకొండ నుంచి: చుక్క పోవడం మామూలే. క్వింటాళ్లను ధరతో గుణించి మొత్తంతో పోల్చండి. 12.40 × 7,250 అంటే 89,900. కాగితం మీద 89,900 ఉండి, మీకు 89,90,000 వస్తే ఆ వరుసను మనిషి చూడాలి. ఈ తనిఖీ క్లౌడ్‌లోనూ పెట్టాల్సిందే, అక్కడా చుక్కలు పోతాయి.

మీకు వచ్చేవి రెండే నమూనాలు కాబట్టి టెసెరాక్ట్ చాలు. పది మంది అడ్తిదారులు పది రకాలుగా పంపితే, గడులు తానే గుర్తుపట్టే క్లౌడ్‌కు డబ్బు పెట్టడం న్యాయం. కొనేముందు తెలుగు ఉందో లేదో చూడండి. అమెజాన్ టెక్స్‌ట్రాక్ట్‌లో తెలుగు లేదు.

కాజీపేట నుంచి: రైతుల పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు బయటి సర్వర్‌కు పంపుడు మంచిదేనా?

ప్రశ్న (వరంగల్): ఖాతా నంబర్లు మా జాబితాలో లేవన్నా. పేర్ల సంగతి మా సేఠ్‌ను అడగాలి. తెలుగు పేర్లలో ఒత్తులు ఇంకా తప్పుతున్నాయి. ఇప్పటికైతే రైతు కోడ్ నంబరుతో మా పాత జాబితాలోని పేరు తెచ్చుకుంటున్నా. కొత్త రైతు వస్తే చేత్తోనే కొడుతున్నా.