టేప్ ఎంత చుట్టినా వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు కారుతూనే ఉంది

కావలి నుంచి అడిగినావిడ: మా వాష్ బేసిన్ కింద, గోడలోని యాంగిల్ కాక్‌కి కనెక్షన్ పైపు తగిలించే నట్ దగ్గర చుక్కలు పడుతున్నాయి. స్టీలు అల్లిక ఉన్న పైపు, కొని ఏడాది కూడా కాలేదు. యాంగిల్ కాక్ థ్రెడ్ మీద తెల్ల టేప్ మందంగా చుట్టి, స్పానర్‌తో ఇక తిరగనంత వరకు బిగించాను. ఒక పూట ఆగి మళ్లీ మొదలైంది. పైపు మార్చాలా, వాషర్ మార్చాలా?

నెల్లూరు నుంచి ఒకాయన: టేప్ ఎటు చుట్టారక్కా? నట్ బిగిసే వైపే చుట్టాలి. ఎదురు చుడితే నట్ ఎక్కేటప్పుడు ఊడి ముద్దవుద్ది. పదిహేను చుట్లు వేసి మళ్లీ బిగించి చూడండి.

ఒంగోలు ప్లంబర్: చుట్టే దిక్కు గురించి అన్న చెప్పింది కరెక్టే, కానీ అది యాంగిల్ కాక్ గోడలోకి ఎక్కే వైపు పనికొచ్చే మాట. అక్కడ నీళ్లని ఆపేది థ్రెడ్డే, కాబట్టి టేప్ కావాలి. కనెక్షన్ పైపు నట్ దగ్గర నీళ్లని ఆపేది లోపలి రబ్బరు వాషర్. కాక్ మూతి అంచు ఆ వాషర్‌ని సమంగా నొక్కాలి. నట్ పని ఆ రెంటినీ దగ్గరికి లాగి పట్టుకోవడం వరకే.

మందంగా టేప్ చుడితే నట్ ఆ టేప్ మీదే బిర్రుగా పట్టేస్తుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ, వాషర్ ఇంకా సరిగ్గా నొక్కుకుని ఉండదు. అక్కా, మీకు ఒక పూట ఆగి మళ్లీ కారడం అందుకే అనుకుంటున్నా. యాంగిల్ కాక్ కట్టేసి, కుళాయి తిప్పి పైపులో నీళ్లు వదిలేయండి. నట్ విప్పి టేప్ పీకెయ్యండి. వాషర్ బయటికి తీసి ఎలా ఉందో చెప్పండి.

చీమకుర్తి నుంచి ఇంకొకరు: మా ఇంట్లో కూడా ఇంతే, బేసిన్‌లో నీళ్లు పోసినప్పుడల్లా కింద తడి. నేను ఎంసీల్ పెట్టాను, ఆగిపోయింది.

ఒంగోలు ప్లంబర్: నీళ్లు పోసినప్పుడే కారిందంటే మీది వేస్ట్ పైపు తమ్ముడూ, అక్కడ ప్రెషర్ ఉండదు. అక్కది ట్యాంకు నీళ్లు వచ్చే పైపు. కుళాయి కట్టేసి ఉన్నా దాంట్లో ప్రెషర్ ఉంటుంది. దీనికి ఎంసీల్ పూస్తే రేపు నట్ విప్పడానికి కూడా రాదు.

కావలి ఆవిడ: తీశాను. వాషర్ మీద గుండ్రంగా గాడి పడింది, అది ఒక పక్కకి జరిగి ఉంది. ఆ పక్క రబ్బరు చీలింది. కాక్ మూతి మీద తెల్లగా గారలాగా కట్టింది. మాది బోరు నీళ్లు.

ఒంగోలు ప్లంబర్: గాడి పక్కకి ఉందంటే వాషర్ మధ్యలో కూర్చోలేదు. పైగా అతిగా బిగించేసరికి చీలింది. గార వల్ల కూడా సందు మిగులుతుంది. గుడ్డ ముక్క నిమ్మరసంలో ముంచి కాసేపు మూతి మీద ఉంచి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, పైపు మీద పడితే స్టీలు అల్లిక తుప్పు పడుతుంది.

పాత వాషర్ హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్లి అదే కొలత అడగండి. హాఫ్ ఇంచ్ నట్‌లో అంచు మడత పడకుండా చదునుగా కూర్చోవాలి, బెజ్జం చిన్నదై పైపు దారిని మూయకూడదు. రెండు వాషర్లు కలిపి వేయొద్దు, ఒకదాని మీద ఒకటి జారతాయి.

టేప్ లేకుండా నట్ చేత్తో తిప్పండి. వాషర్ తగిలేదాకా తేలిగ్గా తిరగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే థ్రెడ్ వంకరగా ఎక్కింది, విప్పి మళ్లీ పెట్టండి. చేత్తో ఆగాక స్పానర్‌తో పావు చుట్టు, చెమ్మ కనిపిస్తే ఇంకొంచెం. అంతే. బిగించేటప్పుడు రెండో చేత్తో పైపు పట్టుకోండి. అది మెలిపడితే తర్వాత తన మెలి విప్పుకుంటూ నట్‌ని వదులు చేయొచ్చు.

నెల్లూరు ఆయన: సన్నగా రెండు చుట్లు టేప్ ఉంటే తప్పేముంది? మా మేస్త్రీ ఎప్పుడూ వేస్తాడు.

ఒంగోలు ప్లంబర్: రెండు చుట్లకి పెద్ద నష్టం లేదు, లాభమూ లేదన్నా. వాషర్ బాగుంటే అది లేకుండానే ఆగుద్ది.

కావలి ఆవిడ: కొత్త వాషర్ వేశాను. కుళాయి కట్టేసి, కాక్ మెల్లగా తెరిచి, నట్ చుట్టూ టిష్యూ పేపర్ పెట్టాను. కింద నట్ పొడిగానే ఉంది. పైపు మధ్యలో మాత్రం చిన్న తడి కనిపిస్తోంది.

ఒంగోలు ప్లంబర్: పూర్తిగా తుడిచి, బేసిన్ కింద కుళాయికి తగిలించిన పై నట్ దగ్గర, దాని కింద అల్లిక చివర పట్టి ఉంచే పైపు పట్టీ దగ్గర విడివిడిగా పేపర్ పెట్టండి. పై నట్ కారితే నీళ్లు పైపు మీదుగా జారతాయి, దానికీ ఇదే వైద్యం. నట్ పొడిగా ఉండి, పట్టీ దగ్గరో అల్లికలోంచో చెమ్మ వస్తుంటే వాషర్‌తో పని లేదు, పైపే మార్చాలి. ఏది ముందు తడిసిందో చూసి చెప్పండి.